మాయ అన్నంత మాత్రాన లోకం విలువలేనిదా?

ఋగ్వేదంలో మాయ అంటే భ్రమ కాదు. ఇంద్రుడు, వరుణుడు వంటి దేవతలు రూపాలు ధరించే శక్తి, సృష్టించే నేర్పు అది. శత్రువు చేతిలో ఉంటే అదే కపటం. శ్వేతాశ్వతరోపనిషత్తు ప్రకృతినే మాయ అంది, ఆ మాయకు అధిపతి మహేశ్వరుడంది.

తర్వాత గౌడపాదులు మాండూక్య కారికల్లో మెలకువను కల పక్కన నిలబెట్టారు. రెంటిలో కనిపించేదీ ఒక తీరుగానే అసత్యమని వాదించారు. అక్కడే ఆగిపోతే లోకాన్ని కొట్టిపారేయడం సులువే. కానీ అద్వైతం అక్కడ ఆగలేదు.

సుమారు 8వ శతాబ్దిలో శంకరులు బ్రహ్మసూత్రాలకు భాష్యం రాస్తూ, రెండో అధ్యాయం రెండో పాదంలో విజ్ఞానవాద బౌద్ధులతో తలపడ్డారు. బయట వస్తువులు లేవు, ఉన్నది జ్ఞానమొక్కటే అన్నది వారి మాట. శంకరులు ఒప్పుకోలేదు. స్తంభం, గోడ, కుండ మనకు బయటి వస్తువులుగా తెలుస్తూనే ఉన్నాయి. తెలుస్తుండగా లేవనడం, కడుపునిండా తింటూ నేను తినడం లేదన్నట్టే అన్నారు. ఆ తర్వాతి సూత్రంలో కలకూ మెలకువకూ తేడా చూపారు. కలలో కన్నది లేవగానే అబద్ధమని తేలిపోతుంది. మెలకువలో చూసిన స్తంభం అలా తేలిపోదు. మాయావాది అని పేరుపడ్డ మనిషే లోకం తరఫున ఇంత గట్టిగా వాదించారన్నది చాలామంది గమనించని సంగతి.

అయితే లోకం ఎంతవరకు నిజం? బ్రహ్మజ్ఞానం కలిగేదాకా వ్యవహారమంతా సత్యమే అన్నారు శంకరులు. తాడు మీద కనిపించిన పాము దీపం తేగానే పోతుంది, అది ప్రాతిభాసికం. ఆ తాడు వ్యావహారికం. ఎన్నటికీ బాధితం కానిది పారమార్థికం. ఈ మూడు మెట్లకూ పేర్లు పెట్టి స్థిరపరిచినవారు తరువాతి అద్వైతులు. మనం బతికేది, మంచిచెడ్డలు తేల్చుకునేది రెండో మెట్టు మీదే. పంచదశి ఇంకా తేటగా చెప్పింది: మాయ శ్రుతి దృష్టిలో తుచ్ఛం, యుక్తికి అనిర్వచనీయం, లోకానికి వాస్తవం.

ఇది అందరికీ రుచించలేదు. రామానుజులు శ్రీభాష్యంలో అవిద్యావాదానికి ఏడు అనుపపత్తులు చూపించారు. మధ్వులు ప్రపంచం సత్యమనే తేల్చారు. ఆ అభ్యంతరాలకు నేటికీ బలముంది. అయినా అవి లోకానికి ఏ స్థాయి సత్యం ఇవ్వాలన్న వాదాలే గాని, అద్వైతులు దాన్ని పనికిరానిదన్నారని రుజువు చేసేవి కావు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ముందూ ఈ ప్రశ్నే నిలిచింది. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకు జవాబుగా ఆయన రాసిన ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం 1908లో అచ్చయింది. ఇప్పటికీ ఆ విమర్శ చేసేవారు ముందుగా శంకరుల ఆ రెండు సూత్రాల భాష్యం చదవాలి.