సెమీఫైనల్ ఆడని ఫైనలిస్ట్

1877లో మొదటి వింబుల్డన్‌కి 22 మంది పేర్లిచ్చారు. 22 సగమైతే 11. అక్కడిదాకా బానే ఉంది. రెండో రౌండ్లో 11 మందిలో ఒకరికి జోడీ లేదు. కాబట్టి ఆడకుండానే ముందుకి పంపారు, అంటే ‘బై’ ఇచ్చారు. ఆరుగురు మిగిలారు, తర్వాత ముగ్గురు. ముగ్గురితో సెమీఫైనల్ ఎలా ఆడిస్తారు? మళ్లీ బై. ఈసారి అది విలియం మార్షల్‌కి దక్కింది. స్పెన్సర్ గోర్, సి.జి. హీత్‌కోట్‌తో ఆడి గెలిచి ఫైనల్‌కొస్తే, మార్షల్ ఖాళీగా కూర్చుని వచ్చాడు. ఫైనల్లో గోర్ 6-1, 6-2, 6-4తో గెలిచాడు లెండి. కానీ రెండో స్థానం ఎవరిది? మార్షల్, హీత్‌కోట్ ఇద్దరూ గోర్ చేతిలోనే ఓడారు. చివరికి వాళ్లిద్దరికీ విడిగా మ్యాచ్ పెడితే మార్షల్ గెలిచాడు.

ఈ రెండో స్థానం గొడవని లెక్కల్లోకి దించినవాడు చార్లెస్ డాడ్జ్‌సన్. అవును, ‘ఆలిస్’ రాసిన లూయిస్ కారల్ ఈయనే. 1883లో లాన్ టెన్నిస్ టోర్నమెంట్ల మీద చిన్న పుస్తకం వేశాడు. మంచి ఆటగాడే ఎప్పుడూ గెలుస్తాడనుకుందాం. 32 మంది డ్రాలో మొదటివాడి చోటు పోను 31 చోట్లుంటాయి. వాటిలో 16 మాత్రమే అవతలి సగంలో ఉన్నాయి. రెండోవాడు ఆ పదహారులో పడితేనే ఫైనల్‌కొస్తాడు. అంటే 31లో 16 అవకాశాలు, బొమ్మా బొరుసూ కన్నా కాస్త నయం, అంతే. ఆయన చెప్పిన మందు వేరు (ఓడినా వెంటనే ఇంటికి పంపకూడదు). అదెవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈ రోగానికి మనకి తెలిసిన మందు సీడింగ్. ఒకటో సీడ్‌ని పై సగంలో, రెండో సీడ్‌ని కింది సగంలో పెట్టేస్తే డ్రా వల్ల ముందే తలపడరు. వింబుల్డన్‌లో ప్రతిభని బట్టి పూర్తి సీడింగ్ 1927లో గానీ రాలేదు.

బైల సమస్య మాత్రం త్వరగానే తీరింది. బాగ్నల్-వైల్డ్ అనే ఆయన బైలన్నీ మొదటి రౌండ్లోనే ఇచ్చెయ్యమన్నాడు. 1885లో వింబుల్డన్ అది పాటించింది. అదే 22 మందిని తీసుకోండి. దాని పైనున్న రెండు ఘాతం 32. 32 నుంచి 22 తీసేస్తే 10 బైలు. మిగతా 12 మంది ఆరు మ్యాచ్‌లు ఆడితే, ఆరుగురూ పదిమందీ కలిసి పదహారు. ఇక బేసి సంఖ్య రానే రాదు. మొత్తం మ్యాచ్‌లు పాత పద్ధతిలోనూ 21, ఇందులోనూ 21, ఎందుకంటే ఒక్కో మ్యాచ్ ఒక్కరినే ఇంటికి పంపుతుంది. మారింది విశ్రాంతి ఎప్పుడన్నదే. మొదటి రౌండ్లో పదిమందికి దొరికే విశ్రాంతి కంటే సెమీస్‌లో ఒక్కడికి దొరికేదే అన్యాయం.

ప్రోగ్రామర్‌గా నాకు నచ్చేది ఇంకొకటి. ప్రతి రౌండ్లో మ్యాచ్‌లకి సున్నా నుంచి నంబర్లిస్తే, `m` నంబర్ మ్యాచ్ గెలిచినవాడు తర్వాతి రౌండ్లో `m // 2` మ్యాచ్‌కి వెళ్తాడు. `m` సరిసంఖ్య అయితే పై పేరు, బేసి అయితే కింది పేరు. మధ్యలో ఎవరూ కూర్చుని చీట్లు తియ్యక్కర్లేదు. 1877 డ్రాకి ఇదే సూత్రం పెడితే సెమీస్‌లో రెండో మ్యాచ్‌కి ఒక్క పేరే వస్తుంది. మార్షల్ ఎదురుగా గడి ఖాళీ.