మత్లా దగ్గర పడే ముడి

ముషాయిరాకి మొదటిసారి వచ్చినవాళ్లని ఇబ్బంది పెట్టేది ఉర్దూ మాటలకన్నా సభ తీరే. కవి మైకు ముందుకొచ్చి 'మత్లా అర్జ్ హై' అంటాడు. అది ముగిశాక ఇంకో పంక్తి చదివి, మళ్లీ అదే పంక్తి చదువుతాడు. సభ కూడా దాన్ని అందుకుని పలుకుతుంది. ఆయన కాసేపు ఆగి రెండో పంక్తి మొదలుపెడతాడు. అది పూర్తి కాకముందే చివరి మాటలు వెనక వరుసల్లోంచి వినిపిస్తాయి. అంతకుముందు ఎక్కడా అచ్చుకాని గజల్ ఇది, కవి కిందటి వారమే రాసి ఉండొచ్చు. మరి చివర ఏం రాబోతోందో సభకెలా తెలిసింది? ఆ రహస్యం మత్లాలో ఉంది. అది తెలియాలంటే షేర్‌తో మొదలుపెట్టాలి.

షేర్ అంటే రెండు పంక్తుల పద్యం. ఒక్కో పంక్తి మిస్రా. అరబ్బులు ఈ రెండు పంక్తుల ముక్కని 'బైత్' అనేవారు. బైత్ అంటే ఎడారి జనం గుడారం, ఇల్లు. మిస్రా అంటే రెండు రెక్కల తలుపులో ఒక రెక్క. 8వ శతాబ్దంలో బస్రాలో ఉన్న ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అరబీ ఛందస్సుకి శాస్త్రం కట్టినప్పుడు, గణాల్లోని చిన్న ముక్కలకి కూడా గుడారపు తాడు, మేకు అనే పేర్లే పెట్టాడు. ఒక రెక్క తెరిచినంత మాత్రాన లోపలికి వెళ్లలేం. కవి మొదటి మిస్రా చదివి ఆపడంలో ఉన్న సంగతి అదే. అక్కడ అర్థం సగం తెరుచుకుని ఉంటుంది.

గజల్‌లో ప్రతి షేర్ దానికదే పూర్తి. ఒక షేర్‌లో విరహం ఉంటే, పక్కదానిలో వేదాంతం, ఆ తర్వాతి దానిలో మతపెద్ద మీద వెక్కిరింత ఉండొచ్చు. 'ఇందాక చెప్పినదానికీ దీనికీ సంబంధమేమిటి?' అని కొత్తవాళ్లు వెతుకుతారు. వెతకక్కర్లేదు, ఉండాలన్న నియమం లేదు. భావం కలవని ఈ షేర్లని ఒక్క గజల్‌గా నిలబెట్టేవి రెండే: మొదటినుంచి చివరిదాకా మారని ఛందస్సు, ప్రతి షేర్ చివరా వచ్చే ప్రాస. ఆ ప్రాస ఏమిటో ప్రకటించే మొదటి షేర్‌కే మత్లా అని పేరు. సూర్యుడు పొడిచే చోటుని కూడా అరబీలో మత్లా అనే అంటారు.

చెప్తే సరిగా తెలియదు, చూడాలి. ఇందుకోసం నేనే తెలుగులో రెండు షేర్లు అల్లాను. కవిత్వపు విలువ సంగతి పక్కన పెట్టి కట్టడం చూడండి.

నువ్వు లేని ఇంటిలోన నీ మాట ఉంది ఇంకా
గొంతు మూగబోయె గాని ఆ పాట ఉంది ఇంకా

ఇది మత్లా. రెండు మిస్రాల చివరా 'ఉంది ఇంకా' అలాగే తిరిగొచ్చింది. మారని ఈ మాటలు రదీఫ్. దానికి ముందున్న 'మాట', 'పాట' ప్రాస కలిసి మారుతున్నాయి. అవి ఖాఫియా. రెండు మిస్రాల్లోనూ ఖాఫియా, రదీఫ్ పలకడం మత్లాకి మాత్రమే ఉన్న లక్షణం. తర్వాతి షేర్లలో అవి రెండో మిస్రాలోనే వస్తాయి, మొదటి మిస్రాకి ఆ బాధ్యత లేదు.

ఊరు విడిచి దూరమైన ఈ కాళ్ళ కింద నిత్యం
చేను గట్టు మీద సాగు ఆ బాట ఉంది ఇంకా

ఇప్పుడు సభలో కూర్చున్నట్టు దీన్ని వినండి. 'ఈ కాళ్ళ కింద నిత్యం' దగ్గర కవి ఆగాడు. రాబోయే మిస్రా 'ఉంది ఇంకా' అని ముగుస్తుందనీ, దానికి ముందు 'ఆట' అనే ధ్వని ఉన్న మాట రావాలనీ మత్లా విన్నవాళ్లందరికీ తెలుసు. వేటా? ఆ ధ్వని కాదు. ఆటా, సయ్యాటా? కాళ్లు, ఊరు అన్నాడు కాబట్టి బాటేమో. 'చేను గట్టు' అనేసరికి ముందు వరుసలోని అనుభవజ్ఞుడికి దొరికిపోయింది. 'బాట' పడగానే మిగిలిన రెండు మాటలూ సభే పలుకుతుంది. కవి ఆ క్షణాన్ని వీలైనంత వెనక్కి నెడతాడు, మొదటి మిస్రాని రెండు మూడుసార్లు చదివేది అందుకే. ఊహించిన ఖాఫియా ఊహించని అర్థంతో వస్తే 'వాహ్ వాహ్', 'ముకర్రర్' అనే కేకలు లేస్తాయి. ముకర్రర్ అంటే మళ్లీ చదవమని. ఊహించింది ఊహించినట్టే వస్తే మర్యాదకి ఒక వాహ్ మాత్రం దక్కుతుంది.

మత్లాలో కవి తన చేతులు తానే కట్టుకుంటాడు. ఎంత బిగించాలన్నది కూడా అక్కడే తేలిపోతుంది. మత్లాలో 'పోరాటం', 'ఆరాటం' వేశాడనుకోండి. రెంటిలోనూ 'రాటం' ఉంది కాబట్టి సభ అదే ఖాఫియా అనుకుంటుంది. నాలుగో షేర్‌లో 'జంజాటం' తెస్తే పెదవి విరుస్తుంది. అదే మత్లాలో 'పోరాటం', 'ఉబలాటం' వేసి ఉంటే ఉమ్మడిగా మిగిలేది 'ఆటం' ఒక్కటే, దారి వెడల్పవుతుంది. ఇంకో తప్పు తెలుగులో రాసేవాళ్లు తరచూ చేస్తారు. 'వచ్చాడు', 'వెళ్లాడు' ప్రాస కలిసినట్టే వినిపిస్తాయి. కానీ కలిసింది క్రియాప్రత్యయమే, దాన్ని తీసేస్తే 'వచ్చు', 'వెళ్లు'లకి పొంతన లేదు. ఉర్దూ ఉస్తాదులు మత్లాలో ఇలాంటిదాన్ని దోషంగా లెక్కిస్తారు. ప్రత్యయాలతో అంత్యప్రాస పుట్టించడం మన భాషలో మరీ సుళువు కనక మనం మరింత జాగ్రత్తపడాలి.

మనకి ఈ కట్టుబాటు పూర్తిగా కొత్తేమీ కాదు. వృత్తపద్యంలో మొదటి పాదంలోని రెండో అక్షరం మిగిలిన మూడు పాదాలనీ కట్టేస్తుంది. ఉత్పలమాల ఎత్తుకున్న అవధానికి ఆ అక్షరం దగ్గరే మెడకి ముడి పడుతుంది. తేడా ఎక్కడంటే మన ముడి పాదం మొదట్లో పడితే, గజల్ ముడి చివర్లో పడుతుంది. అందుకే మన పద్యంలో శ్రోత ప్రాసని గుర్తిస్తాడు, గజల్‌లో దానికోసం ఎదురుచూస్తాడు.

ఈ ముడి గజల్ కన్నా పాతది. 6వ శతాబ్దంలో ఇమ్రుల్ ఖైస్ వంటి అరబీ కవులు ఖసీదా అనే దీర్ఘకవితలు చెప్పేవారు. ప్రియురాలి తెగ గుడారాలు ఎత్తేసుకుని వెళ్లిపోయిన చోట ఒంటె ఆపి, మిగిలిన బూడిద, గుర్తులు చూసి శోకించడంతో ఖసీదా మొదలయ్యేది. తర్వాత ప్రయాణం, ఆపైన తెగ గొప్పో దాత గొప్పో వచ్చేవి. ఆ మొదటి బైత్‌లో రెండు మిస్రాలూ ప్రాస కలిసేవి, తర్వాతి బైత్‌లలో రెండోది మాత్రమే కలిసేది. మత్లా నియమం అప్పటికే ఉందన్నమాట. 7వ శతాబ్దం చివరికి మక్కాలో ఉమర్ ఇబ్న్ అబీ రబీఆ వంటివాళ్లు పొగడ్తలు వదిలేసి, ప్రేమ ముచ్చటనే విడిగా చెప్పడం మొదలుపెట్టారు. వలపు కబుర్లని అరబీలో గజల్ అనేవారు కాబట్టి ఆ కవితలకీ అదే పేరు నిలిచింది. బాణం తగిలిన జింక చివరి అరుపే గజల్ అని సభల్లో చెప్పే కథ మీరు వినే ఉంటారు. జింకని అరబీలో గజాల్ అంటారు, అక్షరాలు కలిశాయి, కథ పుట్టింది. వినడానికి బాగుంటుంది కానీ పుట్టుక కింద నేను లెక్కలోకి తీసుకోను.

రదీఫ్ మాత్రం అరబ్బులది కాదు, పారసీకులు చేర్చింది. ఒకే గుర్రం మీద రౌతు వెనక కూర్చుని వచ్చేవాణ్ణి రదీఫ్ అంటారు, ఖాఫియా వెనక ఈ మాట కూడా అలాగే కూర్చుంటుంది. సభంతా కలిసి పలికే వీలు ఇచ్చింది ఈ చేర్పే. మారిపోయే ఖాఫియాని ఊహించాలి, మారని రదీఫ్‌ని అందరూ పలకగలరు. చివరి షేర్‌లో కవి తన కలం పేరు చెప్పుకునే అలవాటు కూడా ఫారసీలోనే స్థిరపడింది. ఆ షేర్ మక్తా. 13వ శతాబ్దంలో సాదీ, 14వ శతాబ్దంలో హాఫిజ్ షీరాజ్ నగరంలో గజల్‌ని శిఖరానికి చేర్చారు. హాఫిజ్‌ని బహమనీ సుల్తాను దక్కనుకి పిలిపించాడనీ, ఆయన హొర్ముజ్ రేవులో ఓడ ఎక్కి తుఫాను చూసి దిగిపోయి, తనకి బదులు ఒక గజల్ పంపాడనీ ఫిరిష్తా చరిత్రలో రాశాడు.

హాఫిజ్ రాకపోయినా ఆయన విద్య దక్కనుకి వచ్చింది, వచ్చి భాష మార్చుకుంది. ఢిల్లీ పండితులు ఇంకా ఫారసీనే కవిత్వభాషగా పట్టుకుని ఉన్న రోజుల్లో గోల్కొండలో, బీజాపూర్‌లో జనం మాట్లాడే దక్కనీలో గజళ్లు పుట్టాయి. హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1580 నుంచి 1611 దాకా ఏలాడు. ఆయన దక్కనీ గజళ్లలో ఇక్కడి వానలు, పండుగలు, పూలు కనిపిస్తాయి. ఔరంగాబాదు వలీ దివాన్ 1720 ప్రాంతంలో ఢిల్లీ చేరాక, సొంత నుడిలోనూ ఇంత నాజూకుగా రాయవచ్చని అక్కడి కవులకి తెలిసింది. మీర్, గాలిబ్ నడిచిన దారి అటునుంచి వెళ్లిందే. చివరికి ఢిల్లీ దర్బారు కూలాక ఆ సంప్రదాయపు ఉస్తాదు దాగ్ దెహల్వీ హైదరాబాదుకే వచ్చి, ఆరో నిజాముకి కవిత్వగురువై, 1905లో ఇక్కడే కన్నుమూశాడు. తెలుగులోకి గజల్‌ని దాశరథి, సి. నారాయణరెడ్డి తెచ్చారు. ఇద్దరూ ఉర్దూ వింటూ పెరిగిన తెలంగాణ కవులు కావడం కాకతాళీయం కాదు.

ఇక మీరు ముషాయిరాకి వెళ్లినప్పుడు ప్రతి ఉర్దూ మాటకీ అర్థం వెతుక్కోకండి. మత్లా చదువుతున్నప్పుడు రెండు మిస్రాల చివర ఏం తిరిగొచ్చిందో, దాని ముందు ఏ ధ్వని కలిసిందో మాత్రం పట్టుకోండి. రెండో షేర్‌లో కూడా రెండు మిస్రాలూ ప్రాస కలిస్తే కంగారుపడకండి, కవి ఇంకో మత్లా చెప్పాడని అర్థం. ఒకవేళ ఆలస్యంగా వెళ్లి మత్లా తప్పిపోతే, పక్కన కూర్చున్నాయన్ని 'రదీఫ్ ఏమిటండీ?' అని మెల్లగా అడగండి. ఆ ప్రశ్నకి ముషాయిరాలో ఎవరూ విసుక్కోరు.