తడి వెంట్రుక సాగుదల పరీక్ష

జుట్టు ఇప్పుడు రంగు రసాయనాలను తట్టుకోగలదో లేదో తేల్చడానికి సెలూన్లలో చేసే చేతి పరీక్ష ఇది. నీరు కెరాటిన్‌లోని హైడ్రోజన్ బంధాలను వదులు చేస్తుంది. అప్పుడు లాగుడును ప్రధానంగా ఓర్చుకునేవి డైసల్ఫైడ్ బంధాలు. బ్లీచ్ దెబ్బతీసేది వీటినే. అందుకే పొడిగా ఉన్నప్పుడు కనిపించని బలహీనత తడిపితే బయటపడుతుంది.

నుదుటి పైన, నడినెత్తిన, మెడ వెనుక ఒక్కో వెంట్రుకను తడిపి, 10 సెం.మీ. భాగాన్ని మెల్లగా 13 సెం.మీ. వరకు లాగి వదులుతారు. అది తిరిగి 10 సెం.మీ.కు వస్తే రంగు వేయవచ్చు. రబ్బరులా సాగి అలాగే ఉండిపోయినా, లాగగానే తెగినా వాయిదా వేయాలి. మొదళ్లు నిలిచినా, పాత బ్లీచ్ తిన్న చివళ్లు నిలవకపోవచ్చు. కొన్ని గోరింటాకు పొడుల్లో కలిపే లోహ లవణాలను గానీ, రంగు వల్ల వచ్చే అలర్జీని గానీ ఈ పరీక్ష పట్టలేదు. వాటికి వేరే పరీక్షలున్నాయి.