35 ఏళ్లకు రంగం మారాలంటే: దాచిన డబ్బు ఎన్ని నెలలొస్తుంది?

ఉద్యోగం మానేసి కొత్త పని నేర్చుకునే కాలంలో ఇల్లు నడపడానికి పక్కన పెట్టుకునే డబ్బును ఇంగ్లిష్‌లో ‘రన్‌వే’ అంటారు. పొదుపును నెల ఖర్చుతో భాగిస్తే అది ఎన్నాళ్లొస్తుందో తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. అయితే అలా వేసిన లెక్క దాదాపు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ శివారులోని ఓ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ సూపర్‌వైజర్. వయసు 35, చేతికొచ్చే జీతం 48,000. భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆమె జీతం 15,000. డేటా ఇంజినీరింగ్ వైపు వెళ్లాలన్నది ఆయన ఆలోచన. బ్యాంకులో డిపాజిట్లు, పొదుపు ఖాతా కలిపి 5,10,000 ఉన్నాయి.

ఇంటద్దె, సరుకులు, కరెంటు, ప్రయాణాలు, ఊళ్లో తల్లిదండ్రులకు పంపేది, పర్సనల్ లోన్ వాయిదా 6,000 అన్నీ కలిపి నెలకు 40,000 అవుతున్నాయి. ఇక్కడ లెక్కలోకి రానివి ఏడాదికోసారి వచ్చే ఖర్చులు. స్కూలు ఫీజు, బండి ఇన్సూరెన్స్, ఎల్‌ఐసీ ప్రీమియం, కొత్తగా తీసుకోవాల్సిన ఆరోగ్య బీమా, పండగలు, పెళ్లిళ్లు కలిస్తే 1,38,000. దాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు మరో 11,500. అంటే అసలు ఖర్చు 51,500. భార్య జీతం పోగా పొదుపులోంచి తీయాల్సింది 36,500.

ఇక కాలం సంగతి. కోర్సు ఐదు నెలలని తేలిగ్గా చెబుతారు, ఆ తర్వాత ఉద్యోగం వెతికే కాలాన్ని ఎవరూ చెప్పరు. అనుభవం లేని కొత్త రంగంలో దానికి ఆరు నెలలైనా వేసుకోవాలి. చేరాక మొదటి జీతం వచ్చేసరికి ఇంకో నెల. మొత్తం పన్నెండు నెలలకు 4,38,000, ఫీజుకు, ల్యాప్‌టాప్‌కు 1,15,000. ఇవి కాక ఆసుపత్రి లాంటి అవసరాలకు ముట్టుకోకుండా ఉంచాల్సినవి 1,50,000. అంతా కలిపితే 7,03,000. ఈరోజే రాజీనామా చేస్తే దాదాపు రెండు లక్షలు తక్కువ పడతాయి.

ఐదు నెలలు ఆగితే ఈ లెక్క మారిపోతుంది. ఆయన ప్రస్తుత కంపెనీలో నాలుగేళ్ల ఏడు నెలలుగా పనిచేస్తున్నారు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. చివరి మూల వేతనం 24,000ను 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణిస్తే సుమారు 69,000. ఈ ఐదు నెలల్లో నెలకు 11,500 చొప్పున మరో 57,500 మిగులుతాయి. పర్సనల్ లోన్‌కు మిగిలింది కూడా ఐదు వాయిదాలే కాబట్టి, ఆ తర్వాత నెలకు తీయాల్సింది 30,500కు తగ్గుతుంది. అప్పుడు కావాల్సింది 6,31,000, చేతిలో ఉండేది సుమారు 6,36,500. ఎంత పొదుపు ఉందన్నదాని కంటే ఏ తేదీన మానేస్తున్నారన్నదే ఇక్కడ తేడా తెచ్చింది. పైగా ఆ ఐదు నెలలు రాత్రిపూట పైథాన్, ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటే, ఈ పని తనకు పడుతుందో లేదో జీతం వస్తుండగానే తెలిసిపోతుంది.

పీఎఫ్‌ను ఈ లెక్కలో కలపలేదు. 2025 అక్టోబరులో ఈపీఎఫ్‌ఓ ధర్మకర్తల మండలి తీసుకున్న నిర్ణయం ప్రకారం, ఉద్యోగం లేనప్పుడు 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, మిగతాదానికి 12 నెలలు ఆగాలి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. పాత కంపెనీ ఖాతాను బదిలీ చేయించుకుని ఉంటే ఆ సర్వీసు కూడా ఐదేళ్లలో కలుస్తుంది. చివరి దారిగా తప్ప దాన్ని తాకకపోవడం మంచిది.

కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఆరోగ్య బీమా మామూలుగా ఉద్యోగంతోనే ఆగిపోతుంది. సొంత పాలసీలో సాధారణంగా ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు క్లెయిమ్ ఉండదు. ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ మూడేళ్ల దాకా ఉండొచ్చు. అందుకే రాజీనామాకు ముందే పాలసీ తీసుకోవాలి. నోటీసు పీరియడ్‌లో తీసుకుందామనుకుని మరిచిపోయేవారే ఎక్కువ.

ఫీజు విషయంలో ఒక జాగ్రత్త. కొన్ని కోచింగ్ సంస్థలు ‘వాయిదాల్లో కట్టండి’ అన్నప్పుడు అది చాలాసార్లు ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. కోర్సు నచ్చక మధ్యలో మానేసినా దాని ఈఎంఐ దానంతటదే ఆగదు. సంతకం పెట్టేముందు అప్పిచ్చేదెవరో చూసుకోవాలి.

‘ఎక్కువ జీతం’ అన్న మాటను కూడా అంకెల్లో పెట్టి చూడాలి. ప్రకటనల్లో కనిపించేవి ఎక్కువగా అనుభవజ్ఞుల జీతాలు. కొత్త రంగంలో 65,000తో మొదలైతే పాత జీతం కంటే నెలకు 17,000 ఎక్కువ. ఏడాదిలో వదులుకున్న జీతం 5,76,000, కోర్సుకు, ల్యాప్‌టాప్‌కు పెట్టినది 1,15,000. ఈ మొత్తం వెనక్కి రావడానికి జీతం పెరగదనుకుంటే దాదాపు 41 నెలలు. అదే 50,000తో మొదలైతే తేడా నెలకు 2,000 మాత్రమే. అలాంటప్పుడు తర్వాతి రెండు మూడేళ్లలో జీతం ఎలా పెరుగుతుందన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఇక, పాత రంగంలో ఉద్యోగం దొరకడానికి కూడా మూడు నెలలు పడుతుంది. అందుకే డబ్బు అయిపోయాక వెనక్కి వెళ్దామంటే కుదరదు. ఈ ఉదాహరణలో ఎనిమిదో నెల చివర, అత్యవసర నిధి కాకుండా నాలుగు నెలల ఖర్చు 1,22,000 మిగిలి ఉంటుంది. అప్పటికీ ఆఫర్ రాకపోతే, కొత్త రంగంలో ప్రయత్నాలు ఆపకుండానే, ఆ వారంలోనే ఫ్యాక్టరీలకు కూడా రెజ్యూమెలు పంపడం మొదలుపెట్టాలి. ఆ తేదీని భార్యాభర్తలిద్దరూ రాజీనామా లేఖ ఇవ్వకముందే క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవాలి.