సహసంబంధంలో ‘సహ’

తెలుగులో సంబంధం అన్న మాట వినగానే ముందు గుర్తొచ్చేది పెళ్లి. సంబంధం చూశారు, సంబంధం కుదిరింది, ఖాయమైందనుకున్న సంబంధం తప్పిపోయింది. ఇక రెండో వాడుక చేతులు దులుపుకునేటప్పటిది: నాకూ దానికీ ఏ సంబంధమూ లేదు. రెండు వాడుకల్లోనూ సంబంధం ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఐదో వంతు సంబంధం ఉందని ఎవరూ అనరు. గణాంకశాస్త్రం ఈ మాటకు ముందు ‘సహ’ చేర్చి సహసంబంధం చేసుకుంది. దానికి మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి దాకా ఒక కొలబద్ద కూడా పెట్టింది. వ్యుత్పత్తి చూస్తే ఆ ‘సహ’ అనవసరం. ‘సం’ అన్న ఉపసర్గలోనే కూడి, కలిసి అన్న అర్థం ఉంది; ‘బంధం’ అంటే కట్టు. కలిపి కట్టినదాని ముందు మళ్లీ ‘కలిసి’ అని చేర్చామన్నమాట. అయినా ఈ సమాసంలో నిజంగా పని చేసేది ఆ ‘సహ’ ఒక్కటే అంటాను నేను. సంబంధం అన్న భాగం లెక్క చేసేవాణ్ని దారి తప్పిస్తుంది.

ఇంగ్లిష్‌లోనూ ఈ మాట గణితంలో పుట్టలేదు. కోరిలేషన్ అన్నది అంతకుముందే జీవశాస్త్రంలో ఉండేది: ఒక జంతువు పళ్ల తీరును బట్టి దాని కాళ్ల తీరు చెప్పగలగడం వంటి సందర్భాల్లో. దాన్ని అంకెగా మార్చినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్. 1888లో మనుషుల ఎత్తు, ముంజేతి పొడవు వంటి కొలతల మీద రాసిన వ్యాసంలో ఆయన ‘కో’ తర్వాత ఒక అడ్డగీత పెట్టి మరీ రాశాడు, ఆ ముక్క విడిగా కనిపించేలా. ఆయన చేసిన పనిలో కీలకం ఒకటుంది. ఎత్తుని ఎత్తుగా, ముంజేతిని ముంజేతిగా పోల్చలేదు. మామూలు ఎత్తు కంటే ఈ మనిషి ఎంత ఎక్కువ లేదా తక్కువ, మామూలు ముంజేతి కంటే ఇతని ముంజేయి ఎంత ఎక్కువ లేదా తక్కువ అని రెండు తేడాలు తీసి, ఒక్కో తేడాను దాని సొంత కొలమానంతో కొలిచి, ఆ తేడాలను పోల్చాడు. కలిసి నడిచేవి వస్తువులు కావు, వాటి తేడాలు. ఆ తేడాకే మనం విచలనం అంటాం. పాఠ్యపుస్తకాల్లో క్రమ విచలనం అనీ ప్రామాణిక విచలనం అనీ రెండు పేర్లతో కనిపించేది ఆ తేడాల సగటు పరిమాణం లాంటిది. బజారు తెలుగులో ఒడిదుడుకులు. 1952లో హ్యారీ మార్కోవిట్జ్ పెట్టుబడుల మీద తన వ్యాసం ప్రచురించేనాటికి ఈ సరంజామా అంతా సిద్ధంగా ఉంది. దాన్ని వాటాల మూట మీద ప్రయోగించడమే ఆయన చేసిన కొత్త పని.

ఒక లెక్క తీసుకుందాం. చేతిలో ఉన్న డబ్బులో 60 శాతం షేర్ల ఫండ్‌లో, 40 శాతం బంగారంలో ఉంది. షేర్లకు ఆశించిన రాబడి ఏడాదికి 12 శాతం, ప్రామాణిక విచలనం 20 శాతం. బంగారానికి రాబడి 8, విచలనం 15. రెండింటి మధ్య సహసంబంధ గుణకం 0.2. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే, జోస్యం కాదు.

రాబడి తేల్చడం సులువు. 12లో 60 శాతం 7.2, ఎనిమిదిలో 40 శాతం 3.2, మొత్తం 10.4 శాతం. ఇక్కడ సహసంబంధానికి చోటే లేదు; అది 0.2 అయినా, మైనస్ ఒకటి అయినా 10.4 మారదు. (ఆశించిన అన్న మాటలో ఆశ ఏమీ లేదని కూడా ఇక్కడే చెప్పేయాలి. అది సంభావ్యతలతో వేసిన సగటు. ఏ ఒక్క ఏడాదీ సరిగ్గా అంతే రావాలన్న నియమం లేదు.)

విచలనం దగ్గర మాత్రం అలా కుదరదు. 20లో 60 శాతం 12, పదిహేనులో 40 శాతం 6. కలిపితే 18 అనేయాలని చెయ్యి లాగుతుంది. ఆ 18 నిజమయ్యేది గుణకం సరిగ్గా ఒకటి అయినప్పుడే. మిగతా అన్ని సందర్భాలకూ సూత్రం ఇది:

```
σp² = (w1·σ1)² + (w2·σ2)² + 2·ρ·(w1·σ1)·(w2·σ2)
```

బ్రాకెట్లలో ఉన్నవి మన 12, 6 అంకెలే. వాటి వర్గాలు 144, 36, కలిపితే 180. మూడో పదం రెండు ఇంటూ 0.2 ఇంటూ 12 ఇంటూ 6, అంటే 28.8. మొత్తం 208.8. దీని వర్గమూలం 14.45 శాతం. రాబడి బరువుల ప్రకారం సగటుగానే వచ్చింది, ఒడిదుడుకులు మాత్రం 18 నుంచి 14.45కి దిగాయి.

ఎందుకు దిగాయో బొమ్మ గీస్తే తెలుస్తుంది. తూర్పుగా 12 కిలోమీటర్లు నడిచి, తర్వాత ఇంకో 6 నడవాలి. అదే దిక్కున నడిస్తే బయల్దేరిన చోటికి 18 కిలోమీటర్ల దూరంలో ఉంటాం, వెనక్కి తిరిగి నడిస్తే 6. లంబకోణంలో ఉత్తరానికి తిరిగితే పైథాగరస్ చెప్పినట్టు 180కి వర్గమూలం, అంటే 13.4. పై సూత్రంలో గుణకం స్థానంలో సున్నా పెడితే వచ్చేదీ ఇదే. గుణకం అంటే మన మలుపు కోణం తాలూకు కొసైన్, 0.2 అంటే సుమారు 78 డిగ్రీల మలుపు. అందుకే సున్నాను ‘సంబంధం లేదు’ అని చదివి ఊరుకోకూడదు. లంబకోణం ఖాళీ స్థితి కాదు, దూరాన్ని 18 నుంచి 13.4కి తగ్గించేది అదే. ఒడిదుడుకులు తగ్గాలంటే రెండూ ఎదురెదురుగా నడవాలన్న నమ్మకం చాలామందిలో ఉంది. అక్కర్లేదు, ఒకే వరసలో నడవకపోతే చాలు.

సంబంధం అన్న మాట చేసే అసలు మోసం ఇంకోటుంది. గుణకం మైనస్ ఒకటి అనగానే ఒకటి పెరిగితే రెండోది పడిపోతుందని మనసులో బొమ్మ కడతాం. నాలుగేళ్ల ఊహా పట్టిక ఒకటి చూడండి. మొదటిదాని రాబడి వరసగా 16, 8, 16, 8. రెండోదానిది 6, 10, 6, 10. రెండూ ఏటా పెరుగుతూనే ఉన్నాయి, ఒక్క ఏడాదైనా ఏదీ నష్టపోలేదు. అయినా గుణకం కచ్చితంగా మైనస్ ఒకటి. మొదటిది తన సగటు 12ని దాటిన ఏడాది రెండోది తన సగటు 8కి దిగువన ఉంది, ఆ మరుసటేడు తిరగబడింది. మొదటిదాంట్లో మూడో వంతు, రెండోదాంట్లో మూడింట రెండు వంతులు పెడితే నాలుగేళ్లూ రాబడి 9.33 శాతమే వస్తుంది, విచలనం సున్నా. ధరలు ఏ దిక్కుకు పోతున్నాయో గుణకానికి పట్టదు. ఎవరి సగటు నుంచి వాళ్లు ఎప్పుడు పక్కకు జరిగారో, ఆ జరగడాలు ఒకే వైపుకా కాదా అన్నదే అది చూస్తుంది. సహ అంటే ఇక్కడ ‘ఏకకాలంలో, ఒకే వైపుకు’ అని. సహగమనంలోని సహ కాదు. గుణకాన్ని ధరల మీద కాకుండా రాబడుల మీద కట్టేదీ ఇందుకే. పెరుగుతూ పోయే ఏ రెండు ధరలను పక్కపక్కన పెట్టినా చాలాసార్లు 0.9 లాంటి అంకె వస్తుంది, దానికి అర్థం ఉండదు.

ఇప్పుడు మన షేర్ల లెక్కకే వద్దాం. డబ్బంతా బంగారంలోనే పెట్టి, షేర్లంటే భయపడే మనిషిని ఊహించండి. ఆయన విచలనం 15, రాబడి 8. అందులో దాదాపు మూడో వంతు తీసి, బంగారం కంటే ఎక్కువ ఊగే షేర్లలో పెట్టాడు. విచలనం పెరగాలి కదా? సూత్రంలో వేస్తే సుమారు 13.1కి దిగుతుంది, రాబడి 9.3కి ఎక్కుతుంది. ఎక్కువ ఊగేదాన్ని కలిపితే మొత్తం తక్కువ ఊగింది. ఇది ప్రతిసారీ జరగదు. గుణకం 15 బై 20, అంటే 0.75 కంటే తక్కువగా ఉన్నంతవరకే జరుగుతుంది. ఆ గీత దాటితే ఎంత కొంచెం షేర్లు కలిపినా విచలనం పెరుగుతుంది.

ఈ లెక్కలో తప్పులు దొర్లే చోట్లు పెద్దగా లేవు, కానీ ఉన్నవి కంటికి ఆనవు. జవాబు ఎప్పుడూ 12కీ 6కీ మొత్తం అయిన 18కీ, తేడా అయిన 6కీ మధ్యనే ఉండాలి. బరువులను వర్గం చేయడం మరిచిపోయి 0.6 ఇంటూ 400, 0.4 ఇంటూ 225 అని వేస్తే మొత్తం 358.8 అవుతుంది, మూలం 18.9. పద్దెనిమిది దాటింది కాబట్టి తప్పు అక్కడే దొరికిపోతుంది. మూడో పదంలోని రెండును మరిచిపోతే మాత్రం 13.9 వస్తుంది, అది చూడ్డానికి నమ్మదగ్గట్టే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే గుణకం స్థానంలో ఒకసారి ఒకటి వేసి చూడాలి. సూత్రం సరిగా ఉంటే కచ్చితంగా 18 రావాలి. రెండు లేకపోతే 15.87 వస్తుంది. ఇక వర్గమూలం తీయకుండా 208.8 దగ్గరే ఆగితే అది విస్తృతి, శాతం కాదు. నెలవారీ విచలనాన్ని ఏడాది విచలనంతో కలిపేయడం మరో తప్పు. నెలదాన్ని ముందు 12 వర్గమూలంతో, అంటే సుమారు 3.46తో హెచ్చవేసుకోవాలి, నెలల రాబడులు ఒకదాని మీద ఒకటి ఆధారపడవనుకుంటేనే అదీ చెల్లుతుంది.

లెక్కలో ‘ఇచ్చిన’ అంకెలన్నిటిలోకీ తొందరగా మాట తప్పేది గుణకమే. మన దేశంలో షేర్లకూ బంగారానికీ మధ్య అది తక్కువగా ఉండటానికి ఒక కారణం రూపాయి. విదేశీ మదుపర్లు మన షేర్లు అమ్మి డబ్బు తీసుకుపోయేటప్పుడు రూపాయి నీరసిస్తుంది. బంగారాన్ని ప్రపంచం డాలర్లలో వెలకడుతుంది కాబట్టి, డాలరు ధర కదలకపోయినా మన దగ్గర రూపాయల్లో ధర పెరుగుతుంది. కానీ ఈ యంత్రం అన్ని వేళలా నడవదు. 2008 అక్టోబరులో, 2020 మార్చిలో అందరికీ ఒకేసారి నగదు అవసరమై, అమ్ముడుపోయేదల్లా అమ్మేసినప్పుడు షేర్లతోపాటు బంగారం డాలరు ధరా కొన్నాళ్లు పడిపోయింది. 2022లో అమెరికాలో షేర్లకు కాపు కాయాల్సిన బాండ్లు షేర్లతో కలిసి పడ్డాయి. మన లెక్కలో 0.2 కాస్తా 0.7 అయితే మూడో పదం 100.8కి చేరుతుంది, మొత్తం 280.8, విచలనం 16.8. ఆశించిన రాబడి అదే 10.4, షేర్లవీ బంగారానివీ విడివిడి విచలనాలూ అవే. కాబట్టి ఎవరైనా మీ చేతికి 0.2 అని రాసిచ్చినప్పుడు అది ఏ ఏళ్ల నుంచి తీసింది, రోజువారీ రాబడులదా నెలవారీవా, ఆ కాలంలో 2008 అక్టోబరు లాంటి నెలలు ఉన్నాయా అని అడగండి. ఉంటే, ఆ నెలల గుణకాన్ని విడిగా కట్టించి, అదే సూత్రంలో వేసి రెండో జవాబు కూడా తేల్చుకోవచ్చు.