ఊకొట్టడం

కథ వింటున్నామని తెలిపే ‘ఊ’ నుంచి పుట్టిన మాట ఊకొట్టడం. విలియం మిల్లర్ 1983లో తొలిసారి వివరించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే కౌన్సెలింగ్ పద్ధతికి ఆ ‘ఊ’ చాలదు. మాట వెనకున్న భావాన్ని సహాయకుడు ఊహించి తిరిగి చెప్పాలి, అదీ ప్రశ్నగా కాదు. ఎమ్మిగనూరులో ఒక మగ్గం కార్మికుడు ‘‘తాగుడు మానల్లనే ఉంది, పొద్దుగూకితే కాళ్లు అటే పోతాయి’’ అన్నాడనుకుందాం. ‘‘మానల్లని ఉందా అన్నా?’’ అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది. ‘‘సాయంత్రాలే కష్టం. అయినా మానల్లని ఉందన్నా, నీకు’’ అంటే అతడే కొనసాగిస్తాడు. దీర్ఘం తీసేయడంతోనే సగం పని అవుతుంది. మానాలన్న కోరికను చివర ఉంచడమూ కావాలనే. చివర విన్నదాన్నే మనిషి అందుకుంటాడు. ఊహ తప్పితే ‘‘అది కాదు’’ అని దిద్దుతాడు, నష్టం లేదు. అతడు తాగుడును వెనకేసుకురావడం మొదలుపెడితే మాత్రం, సహాయకుడు వినడం వదిలి సలహాలోకి జారి ఉండవచ్చు.