అనిశ్చితిలో నిర్ణయం: సీజన్ సరుకు ఆర్డరుకు మూడు సూత్రాలు

సీజన్ దాటితే అమ్ముడుపోని సరుకును సీజన్ రాకముందే తెప్పించాలి. గిరాకీ ఎంత ఉంటుందో తెలియదు. ఏ స్థాయి గిరాకీకి ఎంత అవకాశం ఉందో చెప్పే నమ్మకమైన లెక్కలూ లేవు. అలాంటప్పుడు ఎన్ని తెప్పించాలో తేల్చడానికి ఇరవయ్యో శతాబ్దం మధ్యలో రూపుదిద్దుకున్న సూత్రాలు మూడు: మాక్సిమిన్, మాక్సిమాక్స్, మినిమాక్స్ రిగ్రెట్. మూడింటికీ కావలసినది ఒకే లాభనష్టాల పట్టిక. కానీ ఆ పట్టికను ఒక్కోటి ఒక్కో తీరున చదువుతుంది.

అవకాశాలు లెక్కకట్టగల పరిస్థితిని రిస్క్ అనీ, లెక్కకట్టలేని దాన్ని అనిశ్చితి అనీ విడదీసినవాడు అమెరికన్ ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్. 1921లో అచ్చయిన ‘రిస్క్, అన్‌సర్టెయింటీ అండ్ ప్రాఫిట్’ పుస్తకంలో ఈ విభజన ఉంది. వ్యాపారికి మిగిలే అసలు లాభం రెండో రకం పరిస్థితి నుంచే పుడుతుందని ఆయన వాదం. అయితే ఆ పరిస్థితిలో వ్యాపారి ఏం చేయాలో చెప్పే లెక్క ఆయన ఇవ్వలేదు. ఆ లెక్క గణితం వైపు నుంచి, అదీ పేకాట వంటి ఆటల విశ్లేషణ నుంచి వచ్చింది.

పట్టిక

సూత్రాల తేడా అంకెల్లోనే బాగా తెలుస్తుంది కాబట్టి ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఒక దుకాణదారుడు ఫిబ్రవరిలోనే ఎయిర్ కూలర్లకు ఆర్డరు పెట్టాలి. సీజన్ మధ్యలో మళ్లీ తెప్పించుకునే వీలు లేదు, మిగిలినవి వెనక్కి తీసుకోరు. ఒక్కో కూలరు కొనుగోలు ధర 6,000 రూపాయలు, అమ్మకం ధర 8,000. సీజన్ అయ్యాక మిగిలినదాన్ని 5,000కు వదిలించుకోవాలి. అంటే అమ్మిన ప్రతి కూలరు మీద 2,000 లాభం, మిగిలిన ప్రతి కూలరు మీద 1,000 నష్టం. వానలు ముందే పడితే 50 పోతాయి, ఎండలు మామూలుగా ఉంటే 100, వడగాడ్పులు వీస్తే 200. లాభాలు వేల రూపాయల్లో ఇలా ఉంటాయి:

| ఆర్డరు | వానలు ముందే | మామూలు ఎండ | వడగాడ్పులు |
|---|---|---|---|
| 50 | 100 | 100 | 100 |
| 100 | 50 | 200 | 200 |
| 150 | 0 | 150 | 300 |
| 200 | −50 | 100 | 400 |

ఒక గడి చూద్దాం. 150 తెప్పించాక వానలు ముందే వస్తే 50 కూలర్ల మీద లక్ష లాభం, మిగిలిన వంద మీద లక్ష నష్టం, చివరికి సున్నా. మిగతా గడులూ ఇలాగే వస్తాయి.

వాల్డ్, మాక్సిమిన్

1928లో జాన్ వాన్ నోయ్‌మన్ ఇద్దరాడే ఆటల గురించి ఒక సిద్ధాంతం నిరూపించాడు. ఒకరి గెలుపు సరిగ్గా అవతలివాడి ఓటమి అయ్యే ఆటలో, ఎదుటివాడు తనను ఎంత గట్టిగా దెబ్బకొట్టగలడో చూసుకుని ఆ దెబ్బ అతి తక్కువగా ఉండే ఎత్తు వేయడమే సబబని దాని సారం. ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి 1944లో రాసిన పెద్ద పుస్తకం ఈ ఆలోచనను ఆర్థికశాస్త్రంలోకి తెచ్చింది. గణాంకశాస్త్రంలోకి తెచ్చినవాడు అబ్రహాం వాల్డ్. వియన్నాలో చదువుకుని, నాజీల రాకతో అమెరికా చేరి, కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసినవాడాయన. గణాంక నిర్ణయాన్ని ప్రకృతితో ఆడే ఆటగా చూసి, అతి పెద్ద నష్టం వీలైనంత చిన్నదయ్యే నిర్ణయాన్ని ఎంచుకునే పద్ధతిని 1939 నుంచీ అభివృద్ధి చేశాడు. 1950లో ‘స్టాటిస్టికల్ డెసిషన్ ఫంక్షన్స్’ పేరుతో పుస్తకం వేశాడు. అదే ఏడాది ఉపన్యాసాల కోసం మన దేశానికి వచ్చి, డిసెంబరులో నీలగిరి కొండల్లో జరిగిన విమాన ప్రమాదంలో భార్యతో సహా మరణించాడు.

వాల్డ్ పద్ధతి నష్టాల పట్టికకు చెప్పింది. లాభాల పట్టికకు మార్చి చెబితే అది మాక్సిమిన్ అవుతుంది: ప్రతి వరుసలో అతి తక్కువ అంకె చూసి, వాటిలో పెద్దదాన్ని ఎంచుకోవాలి. మన పట్టికలో అవి 100, 50, 0, −50. కాబట్టి 50 కూలర్లే తెప్పించాలి. లక్ష ఖాయం, లక్షకు మించి ఒక్క రూపాయి రాదు.

ఇక్కడే చిక్కుంది. పేకాటలో ఎదుటివాడు నిజంగానే మన నష్టం కోరతాడు. రోహిణి కార్తె ఎండ దుకాణదారుడి ఆర్డరు పుస్తకం చూసి కాయదు, మానదు. ప్రకృతిని శత్రువుగా ఊహించడం మరీ నిరాశావాదమన్న విమర్శ అప్పట్లోనే వచ్చింది. అయినా ఒక పరిస్థితిలో ఈ సూత్రమే సరైనదవుతుంది. అప్పు తెచ్చి సరుకు కొన్నవాడికి, ఒక్క సీజన్ పోతే దుకాణమే మూతపడేవాడికి కింది అంకె ఒక్కటే అంకె.

మాక్సిమాక్స్, దానికి హర్విచ్ కట్టిన కళ్లెం

మాక్సిమాక్స్ ప్రతి వరుసలో అతి పెద్ద అంకె చూసి, వాటిలో పెద్దదాన్ని పట్టుకుంటుంది: 100, 200, 300, 400. కాబట్టి 200 తెప్పించమంటుంది. పాఠ్యపుస్తకాల్లో ఉండడమే తప్ప గట్టిగా సమర్థించినవాళ్లు అరుదు. నిరాశ, ఆశ రెంటి మధ్యా నిలవడానికి లియోనిడ్ హర్విచ్ 1951లో ఒక దారి చూపాడు. వరుసలోని పెద్ద అంకెకు α బరువు, చిన్న అంకెకు 1−α బరువు ఇచ్చి కలపాలి. α విలువ నిర్ణయించే మనిషి ఆశావాదాన్ని బట్టి ఉంటుంది.

ఆర్డరు సమస్యకు ఇది అతికించి చూస్తే ఆశించిన మధ్యేమార్గం దొరకదు. మన దుకాణంలో ఆర్డరు ఒక్కటి పెరిగితే మంచి సీజన్ లాభం 2,000 పెరుగుతుంది, చెడ్డ సీజన్ లాభం 1,000 తగ్గుతుంది. రెండూ సరళరేఖలే కాబట్టి కలిపినా సరళరేఖే వస్తుంది. α మూడోవంతు కన్నా తక్కువైతే జవాబు 50, ఎక్కువైతే నేరుగా 200. మధ్యలో ఆగే చోటే లేదు. పైగా మాక్సిమిన్ ఎప్పుడూ గిరాకీ అంచనాలోని కింది కొసను, మాక్సిమాక్స్ పై కొసను తిరిగి మనకే అప్పజెబుతాయి. ధరలు మార్చినా, అమ్మితే లాభం, మిగిలితే నష్టం అన్నంత వరకు జవాబు కదలదు. ధరల సమాచారాన్ని పట్టించుకోని సూత్రాన్ని కొనుగోలు నిర్ణయానికి వాడడం విచిత్రమే.

అన్ని పరిస్థితులకూ సమాన అవకాశం ఇచ్చి సగటు కట్టే పాత పద్ధతి లాప్లాస్ పేరున ఉంది. మన అంకెల్లో అది 100, 150, 200 మూడు ఆర్డర్లకూ సగటు లక్షన్నరేనని చెప్పి ఊరుకుంటుంది.

సావేజ్, రిగ్రెట్

వాల్డ్ పుస్తకాన్ని సమీక్షిస్తూ 1951లో లియొనార్డ్ సావేజ్ రాసిన వ్యాసం మూడో సూత్రానికి ప్రధాన ఆధారం. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్త యుర్గ్ నీహాన్స్ 1948లోనే విడిగా ఇదే ఆలోచన చేశాడు. వచ్చిన లాభాన్ని నేరుగా చూడక, ‘సీజన్ ఇలా ఉంటుందని ముందే తెలిసుంటే ఎంత సంపాదించేవాణ్ణి’ అన్న అంకెలోంచి దాన్ని తీసేసి చూడాలన్నది సూత్రం. ఆ తేడాయే రిగ్రెట్, అంటే సీజన్ అయ్యాక పడే పశ్చాత్తాపం విలువ.

లెక్క నిలువుగా సాగుతుంది. ప్రతి నిలువు గడుల వరసలో అతి పెద్ద లాభం పట్టుకోవాలి. మన పట్టికలో అవి 100, 200, 400. అందులోంచి ఆ వరసలోని ఒక్కో అంకెనూ తీసేయాలి. 150 ఆర్డరుకు రిగ్రెట్ 100, 50, 100. అతి పెద్దది లక్ష. మిగతా ఆర్డర్ల అతి పెద్ద రిగ్రెట్లు: 50కి మూడు లక్షలు, 100కి రెండు లక్షలు, 200కి లక్షన్నర. అన్నిట్లో చిన్నది లక్షే కాబట్టి జవాబు 150 కూలర్లు.

పరీక్షల్లోనూ స్ప్రెడ్‌షీట్లలోనూ ఎక్కువగా జరిగే పొరపాటు పెద్ద అంకెను అడ్డువరుసలో వెతకడం. రిగ్రెట్ పట్టికలో ప్రతి నిలువు వరసలో కనీసం ఒక సున్నా ఉండాలి, రుణ సంఖ్య ఎక్కడా ఉండకూడదు. ఈ రెండూ సరిపోకపోతే లెక్క దారి తప్పినట్టే.

150 యాదృచ్ఛికంగా రాలేదు. తక్కువ తెప్పించి పోగొట్టుకునే లాభం కూలరుకు 2,000, ఎక్కువ తెప్పించి తెచ్చుకునే నష్టం 1,000. రెండు వైపులా రిగ్రెట్ సమానమయ్యే చోటే జవాబు:

Q = L + (H − L) × u / (u + o)

L, H గిరాకీ కింది, పై కొసలు. u కొరత వల్ల పోయే లాభం, o మిగులు వల్ల నష్టం. 50 + 150 × 2/3 = 150. కూలరు మిగిలితే 5,000కు బదులు 2,000కే పోయే పరిస్థితి వస్తే o 4,000 అవుతుంది, ఆర్డరు 100కు దిగుతుంది. ధరలు మారితే జవాబు మారుతుంది, అదే ఇక్కడి మేలు. నష్టం ఏమిటంటే మధ్యలో ఉన్న ‘మామూలు ఎండ’ లెక్కలోకే రాలేదు. H అంచనా 200కు బదులు 300 అనుకుంటే ఆర్డరు దాదాపు 217కు ఎగబాకుతుంది. భారమంతా రెండు కొసల అంచనా మీదే.

చెర్నాఫ్ చూపిన లోపం

1954లో హెర్మన్ చెర్నాఫ్ ఈ సూత్రంలో మరో లోతైన లోపాన్ని బయటపెట్టాడు. ఎంచుకోని ప్రత్యామ్నాయం కూడా ఎంపికను మార్చేయగలదు. మన దుకాణదారుడి ముందు ఇంకో దారి పెడదాం: కూలర్లు మానేసి గొడుగులు తెప్పించడం. వానలు ముందే పడితే రెండున్నర లక్షల లాభం, మామూలు సీజన్‌లో 60 వేలు, వడగాడ్పుల్లో 20 వేల నష్టం అనుకుందాం. ఇప్పుడు మొదటి నిలువు వరసలో పెద్ద అంకె 100 కాదు, 250. దాంతో 150 ఆర్డరు అతి పెద్ద రిగ్రెట్ రెండున్నర లక్షలవుతుంది. 100 ఆర్డరుది రెండు లక్షల దగ్గరే ఆగుతుంది. గొడుగులది నాలుగు లక్షల 20 వేలు కాబట్టి అవి ఎలాగూ ఎంపిక కావు. అయినా వాటి పేరు వినబడగానే జవాబు 150 నుంచి 100కు మారింది. కూలర్ల లాభనష్టాల్లో రూపాయి తేడా లేదు.

మాక్సిమిన్‌కు ఈ జబ్బు లేదు, దానికి వేరే జబ్బులున్నాయి. అదే 1954లో జాన్ మిల్నర్ ‘ప్రకృతితో ఆటలు’ అన్న వ్యాసంలో మంచి సూత్రానికి ఉండాల్సిన లక్షణాలను వరసగా రాసి, అన్నీ ఒకేసారి ఉన్న సూత్రం ఏదీ ఉండబోదని నిరూపించాడు. సావేజ్ కూడా అదే ఏడాది వెలువడిన తన పుస్తకంలో ప్రధానంగా వేరే దారి పట్టాడు. నిర్ణయించేవాడి సొంత నమ్మకాన్నే సంభావ్యతగా కొలవవచ్చని వాదించాడు.

సరుకు నిల్వ లెక్కల్లో

కొంత సమాచారం ఉన్నప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు హెర్బర్ట్ స్కార్ఫ్ 1958లో జవాబిచ్చాడు. గిరాకీ సగటు, విచలనం మాత్రమే తెలిసి, దాని ఆకారం తెలియకపోతే, అన్నిటికన్నా ప్రతికూలమైన ఆకారంలోనూ సగటు లాభం వీలైనంత ఎక్కువగా ఉండే ఆర్డరును ఆయన సూత్రం ఇస్తుంది. ఒడుదుడుకులు మరీ ఎక్కువై, లాభం శాతం తక్కువైనప్పుడు అసలు ఆర్డరే పెట్టవద్దంటుంది. ఈ అతిజాగ్రత్తకు విరుగుడుగా జార్జియా పెరాకిస్, గియోమ్ రోల్స్ 2008లో రిగ్రెట్‌ను తీసుకొచ్చారు. గిరాకీ కొసలు మాత్రమే తెలిసినా, సగటో మధ్యగతమో తెలిసినా ఎంత తెప్పించాలో ఒక్కో సందర్భానికీ విడిగా లెక్కకట్టారు. కొసలు మాత్రమే తెలిసినప్పుడు వచ్చే జవాబు, పైన కూలర్లకు కట్టిన లెక్కే.